ప్రాజెక్ట్ ప్లాన్ డెక్ నుంచి టైమ్‌లైన్: ఫైల్ అడగాలా, చేత్తో రాయాలా, స్క్రిప్ట్‌తో లాగాలా?

మెయిల్‌లో పాతిక స్లైడ్ల ప్రాజెక్ట్ ప్లాన్ వస్తుంది. దాని కింద ఒకే లైను ఉంటుంది: “ఇందులో ముఖ్యమైన తేదీలు, డెలివరబుల్స్ తీసి ఒక పేజీలో రాసి సాయంత్రానికి పంపండి.” చూడ్డానికి గంట పనిలా ఉంటుంది. కానీ డెక్ అంటే ఎవరో నిలబడి చెప్పడానికి తయారు చేసుకున్నది. చెప్పే మనిషి నోటి మాటగా చెప్పేసినవి స్లైడ్ మీద ఉండవు. స్లైడ్ మీద ఉన్నవాటిలో చాలా భాగం గీతలుగా, బొమ్మలుగా ఉంటుంది. దాన్ని చదువుకోదగ్గ టైమ్‌లైన్‌గా మార్చడానికి మూడు దారులున్నాయి. డెక్ వెనకున్న అసలు షెడ్యూల్ ఫైల్ అడిగి తెచ్చుకోవచ్చు. స్లైడ్లు చూస్తూ చేత్తో ఎక్సెల్‌లోకి ఎక్కించవచ్చు. లేదంటే ఒక చిన్న స్క్రిప్ట్‌తో టెక్స్ట్ మొత్తం బయటికి లాగవచ్చు. ఏ దారి పట్టాలో, ఆ డెక్‌లో తేదీలు ఏ రూపంలో ఉన్నాయో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

చూడటం కూడా తేలికే. స్లైడ్ మీద ఏదో ఒక తేదీ మీద క్లిక్ చేయండి. అక్షరాల మధ్య కర్సర్ మెరిస్తే అది టెక్స్ట్, దాన్ని ఏ పద్ధతిలోనైనా తీయవచ్చు. పట్టీయో, డైమండ్ గుర్తో ఒక్కటే సెలెక్ట్ అయితే అది షేప్. తేదీ దాని లోపల రాసి ఉండదు, అది స్లైడ్ మీద ఎక్కడుందన్నదే తేదీ. పనుల్ని తేదీల వెంబడి పట్టీలుగా గీసే గ్యాంట్ చార్ట్ మొత్తం ఒకే ముక్కగా సెలెక్ట్ అయితే అది ఎక్కడి నుంచో స్క్రీన్‌షాట్ తీసి అతికించిన బొమ్మ. సాధారణంగా ఒకే డెక్‌లో ఈ మూడూ కలిసే ఉంటాయి. అందుకే ఒక్క పద్ధతినే నమ్ముకుంటే ఏదో ఒకటి జారిపోతుంది.

మాట గాల్లో తేలకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్‌లోని ఓ తయారీ కంపెనీ పాత పేరోల్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకుంటోంది, మనం ఆ కొత్తది పెట్టిచ్చే వెండర్ వైపు ఉన్నాం అనుకోండి. కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి రోజు, అంటే 1 ఏప్రిల్ 2026 నుంచి కొత్త సిస్టమ్‌లోకి మారాలి. పని 5 జనవరి 2026, సోమవారం మొదలు. డెక్‌లో 24 స్లైడ్లు. 4వ స్లైడ్‌లో మైల్‌స్టోన్ల టేబుల్, 7వ స్లైడ్‌లో షేపులతో గీసిన గ్యాంట్ చార్ట్, 11వ స్లైడ్‌లో ఫేజుల వారీగా డెలివరబుల్స్, వాటి పక్కన W6, W11 లాంటి వారం గుర్తులు ఉన్నాయి. 14వ స్లైడ్‌లో కస్టమర్ వైపు నుంచి రావాల్సినవి ఉన్నాయి. 19వ స్లైడ్ దాచిపెట్టి ఉంది.

ముందు ఫైల్ అడగండి, కానీ దాన్నే కాపీ కొట్టకండి

నా మటుకు మొదటి ఫోన్ ప్లాన్ తయారు చేసిన మనిషికే. “అన్నా, ఈ గ్యాంట్ చార్ట్ దేంట్లో చేశారు? ఎక్సెల్ ఉంటే పంపుతారా?” అని అడిగితే పోయేదేమీ లేదు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో చేసి ఉంటే మీ దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు, కాబట్టి ఎక్సెల్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి. మూడొందల లైన్ల ఫైల్ చూసి భయపడనక్కర్లేదు. సాధారణంగా వ్యవధి సున్నా రోజులుగా పెట్టిన లైన్లే మైల్‌స్టోన్లు. అవి మాత్రమే కనిపించేలా ఫిల్టర్ పెడితే చాలా ప్లాన్లు ఒక పేజీకి దిగిపోతాయి.

ఈ దారిలో చిక్కు ఒకటే. ఫైల్ బతికున్న పత్రం, అది వారం వారం మారుతుంది. కస్టమర్ ముందు చూపించి సరే అనిపించుకున్నది మాత్రం డెక్. ఫైల్‌లో Finish అనే కాలమ్ ఇవాళ్టి అంచనా చెబుతుంది, Baseline Finish ఒప్పుకున్న తేదీ చెబుతుంది. ఏ కాలమ్ తీసుకున్నారో చూసుకోకుండా రాస్తే, కస్టమర్ ఎప్పుడూ వినని తేదీ మీ టైమ్‌లైన్‌లో కనిపిస్తుంది. అప్పుడు మొదలయ్యే మీటింగ్ తొందరగా ముగియదు. అందుకే ఫైల్ దొరికినా టైమ్‌లైన్‌ని డెక్ నుంచే రాసి, ఫైల్‌ని సరిచూసుకోవడానికి వాడటం మంచిది. రెండింటికీ తేడా వచ్చిన చోట అదే మీరు అడగాల్సిన ప్రశ్న.

ఫైల్ రాకపోతే, చాలాసార్లు రాదు కూడా, మిగిలిన రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి.

చేత్తో రాయడం: ఒక్క డెక్‌కి ఇదే నయం

పాతిక స్లైడ్ల వరకు ఒక్క డెక్ అయితే స్క్రిప్ట్ జోలికి పోకుండా చేత్తోనే చేయండి. ఎక్సెల్‌లో ఆరు కాలమ్‌లు చాలు: స్లైడ్ నంబరు, స్లైడ్ మీద ఉన్న మాట ఉన్నది ఉన్నట్టు, మీరు అర్థం చేసుకున్న తేదీ, డెలివరబుల్, ఎవరు ఇవ్వాలి, ఎంత ఖాయం. రెండో కాలమ్ దండగ అనిపిస్తుంది గానీ అదే ప్రాణం. “W6” అని ఉన్నదాన్ని మీరు నేరుగా “13 ఫిబ్రవరి” అని రాసేస్తే, రేపు ఎవరైనా ఇదెక్కడి నుంచి వచ్చిందని అడిగినప్పుడు మళ్లీ డెక్ అంతా తిరగేయాలి.

W6 సంగతే చూద్దాం, ఎందుకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. అది ప్రాజెక్ట్ మొదలైనప్పటి నుంచి ఆరో వారమా, క్యాలెండర్‌లో ఆరో వారమా? మన ఉదాహరణలో ప్రాజెక్ట్ ఆరో వారం అంటే 9 నుంచి 13 ఫిబ్రవరి. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం 2026లో క్యాలెండర్ ఆరో వారం అంటే 2 నుంచి 8 ఫిబ్రవరి. సరిగ్గా వారం తేడా. డెక్‌లో ఎక్కడా చెప్పకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. ఖాయంగా తెలిసిన ఒక తేదీ ఏ W కింద పడిందో చూడండి. గో-లైవ్ 1 ఏప్రిల్ అని 4వ స్లైడ్ చెబుతోంది, 11వ స్లైడ్‌లో అదే గో-లైవ్ పక్కన W13 అని ఉంది. ప్రాజెక్ట్ 13వ వారం 30 మార్చి నుంచి 3 ఏప్రిల్ దాకా, 1 ఏప్రిల్ అందులో ఉంది. క్యాలెండర్ 13వ వారమైతే 29 మార్చికే ముగిసిపోతుంది. కాబట్టి ఇవి ప్రాజెక్ట్ వారాలే. ఇలా ఒక్క మేకు దొరికితే మిగతా W లన్నీ దానికి వేలాడదీయవచ్చు.

ప్రభుత్వ టెండర్ల నుంచి పుట్టిన డెక్‌లలో W బదులు T+8 వారాలు అని ఉంటుంది. అక్కడ T ఏమిటో తేలకుండా ఒక్క తేదీ కూడా రాయకండి. వర్క్ ఆర్డర్ ఇచ్చిన రోజా, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన రోజా అన్నది టెండర్ పత్రంలో ఉంటుంది, డెక్‌లో చాలాసార్లు ఉండదు. ఈ రెండింటి మధ్య నెల గడిచిపోయిన సందర్భాలూ ఉంటాయి. అలాగే Q1 అని ఉంటే ఎవరి Q1 అని అడగండి. మన ఆర్థిక సంవత్సరంలో అది జూన్ 30కి ముగుస్తుంది. జనవరి నుంచి లెక్కపెట్టే కంపెనీకి మార్చి 31కే అయిపోతుంది. ఇక 03/04/2026 లాంటివి అమెరికా టీమ్ నుంచి వచ్చిన డెక్‌లో మార్చి 4 కావచ్చు. మీ టైమ్‌లైన్‌లో మాత్రం నెల పేరు అక్షరాల్లో రాయండి, ఆ గొడవ మీతోనే ఆగిపోతుంది.

రెండో చోటు, “ఇన్ని రోజుల్లోపు” అనే మాటలు. 14వ స్లైడ్ ఇలా చెబుతోంది: అవసరాల పత్రం, అంటే బీఆర్‌డీ, మేం ఇచ్చిన 5 పనిదినాల్లో కస్టమర్ సైన్-ఆఫ్ ఇవ్వాలి. బీఆర్‌డీ ఇచ్చేది 23 జనవరి, శుక్రవారం. వేళ్ల మీద లెక్కేస్తే 30 జనవరి వస్తుంది. కానీ 26 సోమవారం రిపబ్లిక్ డే. కాబట్టి 27, 28, 29, 30 తర్వాత ఐదో పనిదినం 2 ఫిబ్రవరి, సోమవారం. ఎక్సెల్‌కి సెలవు చెబితే అదే లెక్కపెడుతుంది:

```
=WORKDAY(DATE(2026,1,23), 5, DATE(2026,1,26))
```

ఇది శని, ఆదివారాలు రెండూ సెలవనుకుని లెక్కేస్తుంది. తయారీ కంపెనీల్లో శనివారం పని ఉండటం మామూలే. అప్పుడు WORKDAY.INTL వాడి మూడో స్థానంలో 11 ఇస్తే ఆదివారం ఒక్కటే సెలవుగా తీసుకుంటుంది, సెలవుల తేదీలు నాలుగో స్థానంలోకి వెళ్తాయి, జవాబు మళ్లీ 30 జనవరికి వస్తుంది. అంటే కస్టమర్ ఆఫీసు శనివారం తెరిచి ఉంటుందా లేదా అన్న చిన్న విషయం మీద సైన్-ఆఫ్ తేదీ మారిపోతోంది. డెక్ ఆ సంగతి చెప్పదు, ఎవరినో ఒకరిని అడగాల్సిందే.

గీసిన గ్యాంట్ చార్ట్ నుంచి తేదీ ఎలా తీస్తారు

7వ స్లైడ్‌లో యూఏటీ సైన్-ఆఫ్ అని ఒక డైమండ్ ఉంది, పక్కన తేదీ లేదు. యూఏటీ అంటే సిస్టమ్‌ని వాడబోయేవాళ్లే చేసి చూసే పరీక్ష. కంటితో చూస్తే మార్చి మధ్యలో ఎక్కడో ఉంది. “మార్చి మధ్యలో” అని రాసి వదిలేయవచ్చు, అది నిజాయితీ ఉన్న రాతే. కానీ షేప్ కాబట్టి కొలవడం కూడా సాధ్యమే.

డైమండ్ మీద రైట్ క్లిక్ చేసి Size and Position తెరిస్తే, ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉంది, వెడల్పెంత అన్నవి కనిపిస్తాయి. మన స్లైడ్‌లో డైమండ్ 19.1 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతోంది, వెడల్పు 0.8. మైల్‌స్టోన్ తేదీ డైమండ్ నడిమధ్యలో ఉంటుంది, అంచులో కాదు. కాబట్టి మధ్య బిందువు 19.5. పైన నెలల గీత జనవరి 1 దగ్గర 5 సెంటీమీటర్లకు మొదలై ఏప్రిల్ 30తో 29 దగ్గర ముగుస్తోంది. అంటే 24 సెంటీమీటర్లలో 120 రోజులు, సెంటీమీటరుకి ఐదు రోజులు. గీత మొదలు నుంచి డైమండ్ మధ్యకి 14.5 సెంటీమీటర్లు, అంటే 72 రోజులు దాటి సగం. జనవరి 1కి 72 రోజులు కలిపితే 14 మార్చి వస్తుంది. క్యాలెండర్ చూస్తే అది శనివారం.

ఇక్కడే కొంచెం ఆలోచించాలి. 4వ స్లైడ్ టేబుల్‌లో యూఏటీ సైన్-ఆఫ్ 13 మార్చి, శుక్రవారం అని ఉంది. రెండు స్లైడ్లు కొట్టుకుంటున్నాయా? లేదు. డైమండ్ వెడల్పే నాలుగు రోజులంత ఉంది. మౌస్‌తో లాగి పెట్టినప్పుడు రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరిగితే ఒక రోజు మారుతుంది. కొలిచిన తేదీ టేబుల్‌లోని తేదీకి రెండు రోజుల్లోపు ఉంటే టేబులే సరి, దీన్ని ప్రశ్నగా పంపి ఎవరినీ విసిగించనక్కర్లేదు. అదే కొలత 20 మార్చి దాటి వచ్చి ఉంటే, ఎవరో టేబుల్ మార్చి చార్ట్ మార్చడం మర్చిపోయారని, లేదంటే చార్ట్ మార్చి టేబుల్ వదిలేశారని అర్థం. అప్పుడు తప్పకుండా అడగాలి.

పట్టీల విషయంలో కుడి అంచు చూడాలి. “డేటా మైగ్రేషన్” పట్టీ కుడి అంచు ఫిబ్రవరి మధ్యలో ఆగితే, ఆ పని ముగిసేది అప్పుడు. పట్టీ కుడి అంచు మొనదేలి బాణంలా ఉంటే మాత్రం ఆ పని ఇంకా సాగుతుందని గీసినవాళ్ల ఉద్దేశం, దానికి ముగింపు తేదీ రాయకండి. గ్యాంట్ చార్ట్ అతికించిన బొమ్మ అయితే దాని మీద ఒక నిలువు గీత గీసి, ఆ గీత స్థానాన్ని ఇదే లెక్కలో కొలవవచ్చు. బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే సౌకర్యం విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనే ఉంది. కానీ మసకగా ఉన్న స్క్రీన్‌షాట్‌లో 13, 18 అయిపోతుంది, 1, 7 అయిపోతుంది. అలా వచ్చిన ప్రతి తేదీ వారంలో ఏ రోజో చూసుకోండి. ఆదివారం సైన్-ఆఫ్ అని వస్తే బొమ్మను మళ్లీ పెద్దది చేసి చూడాల్సిందే.

స్క్రిప్ట్: ఎప్పుడు లాభం, ఎక్కడ దెబ్బ

ఎనిమిది మంది వెండర్లు ఎనిమిది డెక్‌లు పంపారు, లేదా ఒకే డెక్ ప్రతి వారం కొత్త వెర్షన్ వస్తోంది. అప్పుడు చేత్తో చేస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, స్క్రిప్ట్ పెట్టుకోండి. పైథాన్‌లో python-pptx అనే లైబ్రరీ ఈ పని చేస్తుంది:

```python
from pptx import Presentation

def walk(shapes):
    for s in shapes:
        if hasattr(s, "shapes"):
            yield from walk(s.shapes)
        else:
            yield s

prs = Presentation("plan.pptx")
for n, slide in enumerate(prs.slides, 1):
    tag = "HIDDEN" if slide._element.get("show") == "0" else ""
    for s in walk(slide.shapes):
        if s.has_text_frame and s.text_frame.text.strip():
            print(n, tag, " / ".join(s.text_frame.text.splitlines()))
        elif s.has_table:
            for r in s.table.rows:
                print(n, tag, [c.text for c in r.cells])
    if slide.has_notes_slide and slide.notes_slide.notes_text_frame is not None:
        print(n, tag, "NOTES", " / ".join(slide.notes_slide.notes_text_frame.text.splitlines()))
```

ఇందులో walk ఎందుకంటే, గ్రూప్ చేసిన షేపుల లోపలి టెక్స్ట్ మామూలుగా తిరిగితే దొరకదు. గ్యాంట్ చార్ట్ గీసేవాళ్లు దాన్ని జరపడానికి వీలుగా గ్రూప్ చేసి పెడతారు. ఆ ఒక్క ఫంక్షన్ లేకపోతే సరిగ్గా తేదీలున్న స్లైడే ఖాళీగా వస్తుంది. స్మార్ట్‌ఆర్ట్‌లో రాసినవి, బొమ్మల్లో ఉన్నవి, చార్ట్ లోపలి అంకెలు ఈ స్క్రిప్ట్‌కి కనబడవు. స్లైడ్ నంబరు ముద్రించేది ఇందుకే. ఏ స్లైడ్ నుంచి టైటిల్ తప్ప ఏమీ రాలేదో ఆ స్లైడ్‌ని తెరిచి కంటితో చూడాలి.

చాలామంది చేసే ఇంకో పని, లాగిన టెక్స్ట్‌లో తేదీలా కనిపించే లైన్లను మాత్రమే ఏరడం. అది వద్దు. “13 Mar” దొరుకుతుంది గానీ “W6”, “సైన్-ఆఫ్ తర్వాత రెండు వారాలు”, “మార్చి జీతాలకి ముందు” లాంటివి జారిపోతాయి. జారిపోయేవే ఎక్కువ ఇబ్బంది పెట్టేవి. పాతిక స్లైడ్ల టెక్స్ట్ మొత్తం చదవడానికి ఎంతోసేపు పట్టదు, చదివేయండి.

కోడ్ రాయడం ఇష్టం లేనివాళ్లు డెక్‌ని Outline/RTF రూపంలో సేవ్ చేసి వర్డ్‌లో తెరుస్తుంటారు. అందులో టైటిళ్లు, లేఅవుట్‌లో ఇచ్చిన పెట్టెల్లో రాసిన బులెట్లు మాత్రమే వస్తాయి. విడిగా పెట్టిన టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు రావు. ప్లాన్ డెక్‌లో తేదీలు ఉండేది సరిగ్గా వాటిలోనే కాబట్టి ఈ దారి ఈ పనికి పనికిరాదు.

స్క్రిప్ట్ వల్ల ఒక ప్రమాదం కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది స్పీకర్ నోట్స్, దాచిన స్లైడ్లు కూడా తీసుకొస్తుంది. మన డెక్‌లో దాచిన 19వ స్లైడ్‌లో గో-లైవ్ 1 మే 2026 అని ఉంది. పాత ప్లాన్ కావచ్చు, ఆలస్యమైతే అని లోపల అనుకున్న తేదీ కావచ్చు. దాన్ని చూసుకోకుండా కస్టమర్‌కి వెళ్లే టైమ్‌లైన్‌లో పెడితే మన టీమ్ గుట్టు మనమే రట్టు చేసినట్టు. అందుకే పై స్క్రిప్ట్‌లో HIDDEN, NOTES అని గుర్తు పెట్టాం. ఆ గుర్తున్న లైన్లు ఏవీ బయటికి వెళ్లే కాగితంలోకి రాకూడదు. మీ ప్రాజెక్ట్ మేనేజర్‌ని విడిగా అడగండి. ఆయన నవ్వి “అది పాతది” అంటే సరే. ఆలోచనలో పడితే 1 ఏప్రిల్ అంత ఖాయం కాదని మీకు అర్థమవుతుంది.

రాసేటప్పుడు: తేదీల వరసా, మనుషుల వరసా

తీయడం అయ్యాక రూపం ఎంచుకోవాలి. డెలివరబుల్స్ వారీగా రాస్తే కాంట్రాక్ట్, బిల్లింగ్ చూసేవాళ్లకి నచ్చుతుంది. ఎవరెవరు ఏం ఇవ్వాలి అని మనుషుల వారీగా రాస్తే కస్టమర్ దగ్గర హెచ్‌ఆర్ మేనేజర్‌కి సుఖం, ఆమెకి తన మూడు పనులే కావాలి. పేరాలుగా రాస్తే పైవాళ్లు చదువుతారు గానీ అందులో తేదీ వెతుక్కోవడం కష్టం. ఒక్కటే పంపాలంటే నేను తేదీల వరసే ఎంచుకుంటాను, ఎవరు ఇవ్వాలో ఒక కాలమ్‌లో పెట్టి. ఎక్సెల్‌లో ఉంటే ఎవరికి కావాల్సినట్టు వాళ్లు ఫిల్టర్ పెట్టుకుంటారు.

రూపం కంటే ముందు, ఏది డెలివరబుల్ ఏది కాదన్నది తేల్చుకోవాలి. “టెస్టింగ్” పని, డెలివరబుల్ కాదు. మెయిల్‌కి అటాచ్ చేయగలరా, లేదా ఎవరైనా దాని మీద సంతకం పెట్టగలరా అని అడిగి చూడండి. యూఏటీ సైన్-ఆఫ్ పత్రం మీద పెట్టగలరు. “ట్రైనింగ్” అని ఉన్నచోట చేతికొచ్చేది ట్రైనింగ్ మాన్యువల్, హాజరు జాబితా. డెక్‌లో ఉన్న పనుల పేర్లను ఇలా చేతికొచ్చే వస్తువుల పేర్లుగా మార్చకపోతే, తేదీ దాటాక “అయిందా” అంటే “అవుతోంది” అనే జవాబే వస్తుంది.

మన ఉదాహరణ చివరికి ఇలా తేలింది:

| తేదీ (2026) | చేతికి రావాల్సింది | ఎవరి నుంచి | స్లైడ్ | ఎంత ఖాయం |
|---|---|---|---|---|
| 23 జనవరి, శుక్ర | బీఆర్‌డీ | వెండర్ | 4 | ఖాయం |
| 30 జనవరి, శుక్ర | ఉద్యోగుల డేటా | కస్టమర్ | 14 | “by W4” ని వారం చివర అనుకున్నాం |
| 2 ఫిబ్రవరి, సోమ | బీఆర్‌డీ సైన్-ఆఫ్ | కస్టమర్ | 14 | లెక్కగట్టినది. శనివారం సెలవైతేనే |
| 13 ఫిబ్రవరి, శుక్ర | కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించిన డేటా, సరిచూసిన రిపోర్ట్ | వెండర్ | 11 | W6 నుంచి లెక్కగట్టినది |
| 13 మార్చి, శుక్ర | యూఏటీ సైన్-ఆఫ్ | కస్టమర్ | 4, 7 | ఖాయం |
| 20 మార్చి, శుక్ర | ట్రైనింగ్ మాన్యువల్, హాజరు జాబితా | వెండర్ | 11 | W11 నుంచి. ఆ వారంలో ఉగాది |
| 27 మార్చి, శుక్ర | పారలల్ రన్ రిపోర్ట్ | వెండర్ | 11 | అడగాలి |
| 1 ఏప్రిల్, బుధ | గో-లైవ్ | ఇద్దరూ | 4, 11 | ఖాయం |

చివరి కాలమ్ చూసి కొందరు మొహమాటపడతారు, “అన్నీ ఖాయం అని రాస్తే బాగుంటుంది కదా” అంటారు. రాసినదీ లెక్కగట్టినదీ వేరు చేయకపోతే టైమ్‌లైన్ డెక్ కంటే ఎక్కువ ధీమాగా మాట్లాడుతుంది. అది ప్లాన్‌లో లేని ధీమా.

ట్రైనింగ్ వారం సంగతి డెక్‌లో ఎక్కడా లేదు. 19 మార్చి గురువారం ఉగాది, ఐదు రోజుల ట్రైనింగ్ నాలుగు రోజులకి దిగుతుంది. గ్యాంట్ చార్ట్‌లు సాధారణంగా మన పండగలు చూడవు, మీరే చూడాలి.

పారలల్ రన్ పక్కన “అడగాలి” అని ఎందుకు ఉందంటే, 11వ స్లైడ్ ప్రకారం ఫిబ్రవరి, మార్చి రెండు నెలల జీతాలను పాత సిస్టమ్‌లోనూ కొత్త సిస్టమ్‌లోనూ నడిపి, ఉద్యోగుల వారీగా తేడాలు చూసి రిపోర్ట్ ఇవ్వాలి. రిపోర్ట్ తేదీ W12, అంటే 27 మార్చి. ఈ కంపెనీలో హాజరు ముగించి జీతాలు నడిపేది నెల చివరి రోజుల్లో అయితే 27 నాటికి మార్చి లెక్క ఇంకా పూర్తి కాదు. అంటే ఆ రిపోర్ట్‌లో ఫిబ్రవరి ఒక్కటే ఉంటుంది, లేదంటే రిపోర్ట్ గో-లైవ్ తర్వాత వస్తుంది. స్లైడ్ల మధ్య గొడవేమీ లేదు, తేదీకీ అందులో ఉండాల్సిన సరుకుకీ మధ్య గొడవ. దీన్ని ఏ స్క్రిప్టూ పట్టుకోదు, షెడ్యూల్ ఫైల్ కూడా చెప్పదు. చేత్తో రాసేటప్పుడు “ఇది ఆ రోజుకి చేతికొస్తుందా” అని ప్రతి లైనుకీ ఆగి అడిగితేనే కనబడుతుంది. ఒక్క డెక్‌కి చేతి పనే నయం అని నేను అనేది ముఖ్యంగా ఇందుకే.

ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో పంపండి, ప్రతిదానికీ స్లైడ్ నంబరు, మీరు అనుకున్న జవాబు రాసి. “పారలల్ రన్ ఎప్పుడు?” అని అడిగితే వారం దాకా జవాబు రాదు. “స్లైడ్ 11 ప్రకారం పారలల్ రన్ రిపోర్ట్ 27 మార్చి. మార్చి జీతాలు అప్పటికి పూర్తి కావు కాబట్టి ఇందులో ఫిబ్రవరి మాత్రమే ఉంటుందని రాశాం. వేరేలా అయితే బుధవారంలోగా చెప్పండి” అని రాస్తే అవును, కాదు అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది.

డెక్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో Review కింద Compare ఉంది. పాత డెక్ తెరిచి దానికి కొత్తదాన్ని చూపిస్తే ఏ స్లైడ్‌లో ఏం మారిందో జాబితా ఇస్తుంది. మీ టేబుల్‌లో స్లైడ్ నంబర్లున్నాయి కాబట్టి ఆ లైన్లు మాత్రమే సరిచేస్తే చాలు. మధ్యలో కొత్త స్లైడ్ దూర్చితే నంబర్లు ఒకటి చొప్పున జరుగుతాయి, అది ముందే చూసుకోండి. గ్యాంట్ చార్ట్ బొమ్మగా అతికించిన డెక్‌లో మాత్రం Compareని నమ్మకండి. బొమ్మ మారిందని చెప్పగలదు గానీ లోపల ఏ పట్టీ ఎన్ని రోజులు జరిగిందో చెప్పలేదు. ఆ ఒక్క స్లైడ్‌ని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని, ప్రతి డైమండ్‌నీ మళ్లీ కొలవాలి.